ఐదో తారీఖు నిల్వ

విజయరాణికి కావలసింది రెండు గదులు. ఒకటి వంటకూ తనకూ, రెండోది ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న కూతురు దీవెనకు. ఎంకపల్లిలో నూరు గజాల సొంత జాగా ఉంది. పదహారేళ్లుగా కిరాయి ఇళ్లలో ఉంటూ, దొంతన్‌పల్లి యూనివర్సిటీలో వంటపనికి పోయివస్తూ, ఆ రెండో గదిని మనసులో ఎన్నిసార్లు కట్టుకుందో లెక్కలేదు.

చేవెళ్లలో ఎరువుల దుకాణం పైనున్న లోన్ ఆఫీసులో, అప్పుల లెక్కలు చూసే ప్రవీణ ఆమె ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు మీద పెన్సిలు ఆనించింది.

"అక్కా, చేతికొచ్చే జీతం ఇరవై నాలుగు వేలు. కిస్తులన్నీ కలిపి దాంట్ల సగం దాటొద్దు. ఫ్రిజ్‌కు రెండు వేలు. మరి ఆరో తారీఖున పోయే ఈ తొమ్మిది వేలేంది? కొత్త ఇంటి కిస్తు ఏడు వేలు కలిపితే పద్దెనిమిది వేలు. జీతంల డెబ్బై ఐదు శాతం. మా సారు చూడంగనే పక్కకు పడేస్తడు."

"అయ్యో, అది నా ఒక్కదానిది కాదు మేడం! మా ఆడోళ్ల గ్రూపు లోన్‌ది. పదిమందిమి, తలా తొమ్మిది వందలు. వాళ్లు నాలుగో తారీఖున పైసలు చేతికిస్తరు. నేను నా ఖాతాల ఏసి, ఆరున అందరి కిస్తు ఫోన్ల కొడ్త. వాళ్లకు ఫోన్ల కొట్టుడు రాదు."

"మంచి లీడరే దొరికింది వాళ్లకు" అని ప్రవీణ నవ్వి, క్రెడిట్ రిపోర్టు తెరిచింది. విజయరాణి పేరు మీద గ్రూపు కిస్తు తొమ్మిది వందలే. గ్రూపు పుస్తకంలో పదిమంది సంతకాలూ ఉన్నాయి.

"నీది తొమ్మిది వందలే రాస్త. మొత్తం తొమ్మిది వేల తొమ్మిది వందలు. నలభై ఒక్క శాతం."

విజయరాణి ఊపిరి పీల్చుకుంది. కానీ పెన్సిలు ఆగలేదు. నెలనెలా ఐదు, పదిహేను, ఇరవై ఐదు తారీఖుల నిల్వలు తీసి సగటు కట్టాలి. ఆ సగటు కొత్త కిస్తుకు తగ్గకూడదు. ఆరు నెలలకు ఎనిమిది వేలు వచ్చింది.

ప్రవీణ తలెత్తకుండానే అన్నది. "కిస్తు వాళ్లదైతే, నెలనెలా ఐదో తారీఖున ఖాతాల ఉన్న ఆ తొమ్మిది మంది ఎనిమిది వేల నూరు కూడ వాళ్లదే కదక్కా. అది తీసేస్తే మూడు తారీఖుల సగటు రెండు వేల ఏడు వందలు తగ్గి, ఐదు వేల మూడు వందలు. కిస్తు అంతకు మించొద్దు. నువ్వడిగిన ఐదు లక్షల ఎనభై వేలు రావు. నాలుగు లక్షల నలభై వేలే."

"అంటే ఒక్క గదే."

"ఆర్నెల్లు ఆగు. ఖాతాల పైసలు జర నిలబెట్టు. మల్ల చూద్దాం."

ఆర్నెల్లకు దీవెన ఇంటర్ అయిపోతుంది. ఆ తర్వాత హాస్టలో, ఏ ఊరో. గది సిద్ధమైనా అందులో కూర్చునే పిల్ల ఉండదు. విజయరాణి ఒక్క గదికి సరిపోయే లోన్ కాగితాన్నే ముందుకు లాక్కుంది. సంతకం పెట్టింది.

మొయినాబాద్ వైపు పోయే బస్సులో ఫోన్ మోగింది.

"అమ్మా, నా గది?"

"ఇప్పుడు కట్టే గదే నీది. నేను అండ్లనే ఓ మూల వంట పక్కన పంటా."

"మరి రెండోది?"

"పునాది తీపిస్త బిడ్డా. గోడలెప్పటికైతయో గని, సాయంత్రం పూట మనిద్దరం అరుగు మీద లెక్క కూసుండే ఎత్తుకైతే లేపిస్త."