కట్టాక పెరిగిన బాకీ

ఆ పొద్దున ఆకాశం నల్లగా మూసుకుపోయి, గాలి కదలకుండా ఉంది. అలాంటి రోజు చెరువులో ఊపిరాడక చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. శేషగిరిరావు చెరువులోనూ తేలాయి. అతను పాత ఇంజను పెట్టి, చెరువు నీళ్ళనే తోడి మళ్ళీ చెరువులోకి కొట్టిస్తూ పక్క చెరువు వంక చూశాడు. అక్కడ తోడల్లుడు గోపీచంద్ పెట్టిన కొత్త ఏరేటర్లు నీళ్ళను గిలక్కొట్టి గాలి కలుపుతున్నాయి. ఒక్క చేపా పైకి రాలేదు. గట్టు మీద కొత్త బండి మెరుస్తోంది. ఆ మెరుపు కంట్లో నలుసులా గుచ్చుకుంది.

“ఏం అన్నయ్యా, చేపలకంటే నీ ఇంజనే ఎక్కువ ఆయాసపడుతోంది!” గోపీచంద్ నవ్వాడు.

“నీకేం తమ్ముడూ, నెలకి అయిదు వేలు కట్టేవాడివి.”

అసలు మంట అక్కడే. ఇద్దరికీ అప్పిచ్చేది కైకలూరులో మేత కొట్టు శ్రీరంగనాయకులుగారే. వందకి నెలకి రెండు రూపాయల వడ్డీ. శేషగిరిరావు ముందు తీసుకున్న మూడు లక్షలకి నెలకి పదిహేను వేలు కట్టి, నోరు కట్టుకుని తీర్చేశాడు. అదే మూడు లక్షలకి గోపీచంద్ వాయిదా అయిదు వేలు. మిగిలిన డబ్బుతో ఏరేటర్లు, బండి, భార్య విజయదుర్గ చేతికి బంగారు గాజులు. ఆ గాజులు చూసినప్పటినుంచీ శేషగిరిరావు భార్య సత్యవేణి చెల్లెలింటికి వెళ్ళొచ్చినప్పుడల్లా అతనితో మాట్లాడటం తగ్గిస్తోంది.

ఈ పంటకి మళ్ళీ మూడు లక్షలు తీసుకోవాలి. ఈసారి తనకీ అయిదు వేల వాయిదాయే కావాలి. అప్పు నోటు రాసివ్వడానికి ఆ రోజే బయల్దేరాడు.

“కొట్టుకే కదా, నాదీ కట్టేసి రా అన్నయ్యా. దీంతో పన్నెండో వాయిదా. అరవై వేలు తీరిపోయినట్టే,” అంటూ గోపీచంద్ అయిదు వేలు చేతిలో పెట్టాడు. తీరిపోయినట్టే అన్న మాట కైకలూరు దాకా శేషగిరిరావు చెవిలో గింగురుమంది.

కొట్టులో నాయకులుగారు డబ్బు లెక్కపెట్టి, రసీదు రాసిచ్చారు.

“మరి మీ వాయిదా ఎంత పెట్టమంటారండీ?”

“మా తమ్ముడికి పెట్టినంతేనండీ.”

“అలాగేనండీ. కట్టగలిగినంతే కట్టండి. వడ్డీకి చాలకపోతే మిగిలింది అసల్లో కలుపుకుంటాను. గోపీచంద్‌గారికీ ముందే చెప్పానండీ. తల ఊపారు.”

చాలకపోవడమేమిటి? శేషగిరిరావు రసీదు వెలుతురుకి తిప్పాడు. పాత బాకీ 3,12,169. నెల వడ్డీ 6,243. జమ 5,000. నిలవ బాకీ 3,13,412.

రెండుసార్లు చదివాడు. డబ్బు కట్టిన తర్వాత బాకీ పెరిగింది! మూడు లక్షలకి వందకి రెండు చొప్పున మొదటి నెల వడ్డీయే ఆరు వేలు. అయిదు కడితే వెయ్యి తక్కువ. ఆ వెయ్యి అసలెక్కి, దానికీ మరుసటి నెల వడ్డీ. అప్పట్నుంచి తక్కువ పడేది కూడా నెలనెలా పెరుగుతూ వచ్చింది.

శేషగిరిరావు రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మునగనీ, బండితో సహా మునగనీ అనుకున్నాడు. ఆ అనుకోవడంలో ఎంత సుఖముందో, అంత సిగ్గూ ఉంది. ఇంకో నిమిషమైతే అదే గోతిలో తనూ దిగేవాడు.

“నాకు పదిహేను వేలే పెట్టండి,” అన్నాడు.

రసీదు జేబులోనే ఉంచుకుని తిరిగొచ్చాడు. గోపీచంద్ గట్టు మీంచి వల విసిరి, చేపల్ని పట్టి తూస్తున్నాడు. నెలకోసారి అందరూ చేసే పనే.

“చూడన్నయ్యా, పోయిన నెలకంటే నూటయాభై గ్రాములు! నీవెంతున్నాయేంటి?”

చెప్పకుండా పోదామనే అనిపించింది. కాని ఆ తక్కెడ చూస్తుంటే నోరు ఊరుకోలేదు.

“చేపని నెలనెలా తూస్తావు, అప్పుని ఎప్పుడైనా తూచావా?”

“నీకు కుళ్ళు అన్నయ్యా. అందరికీ తెలిసిందే.”

“కుళ్ళే. ఇంద రసీదు, తూచుకో. పోయిన నెల బాకీ పక్కన ఈ నెల బాకీ పెట్టు. పెరిగిందంటే నువ్వు కట్టేది వడ్డీకే చాలట్లేదు. బాకీని వందతో భాగించి రెండుతో గుణించు. అంతకి మించి కడితేనే అసలు తరుగుతుంది.”

గోపీచంద్ ఫోన్‌లో లెక్కేశాడు. మళ్ళీ వేశాడు. “ఇంకా రెండు లక్షల నలభై వేలే అనుకున్నానే,” అని గొణిగాడు. చేతిలోని చేప జారి నీళ్ళలో పడింది. దాన్ని చూడనేలేదు. కాసేపటికి బండి వంక చూసి, “దీనికెంతొస్తుందంటావు?” అన్నాడు.

“ముందు ఇంటికి పద. మీ వదిన కూర వండింది.”

విజయదుర్గ కూడా వచ్చింది. ఆమె చేతికి గాజులు లేవు. విషయం విని, బాకీలో కట్టమని తీసి భర్తకిచ్చేసింది. సత్యవేణి చేపల పులుసు వడ్డిస్తూ పెద్ద ముక్క మరిది కంచంలో వేసింది. శేషగిరిరావు అది చూశాడు. తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు.