తలుపు కింద వెలుగు

ఆమె ఫోన్ చేస్తే, బాబాయి ఎత్తగానే హెచ్చరించాడు. "ఆ చివరి తలుపు తాళంచెవి ఎక్కడుందో చెప్పావంటే ఊరుకోను. నేనే వెతుక్కుంటా."

ఆయన ఆడుతున్నది ఆమె పనిచేసే కంపెనీ తయారుచేసిన వీడియో గేమ్. ఆ ఆటలో సముద్రపు ఒడ్డు దీపస్తంభంలోని గదులన్నీ కట్టింది తనే. తాళంచెవి అసలు డిస్క్‌లోనే లేదు.

బాబాయి గడియారాలు బాగుచేస్తాడు. చిన్నప్పుడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని టీవీకి తగిలించే పాత కార్ట్రిడ్జ్ వీడియో గేములు ఆడించింది ఆయనే. అప్పట్లో ఆట కార్ట్రిడ్జ్‌లోకెక్కి అంగట్లోకి వచ్చిందంటే ఇక అంతే, దిద్దుకునే దారి లేదు. అందుకే చేసేవాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని పూర్తిచేసేవారు. గేమ్ కన్సోళ్ళకు ఇంటర్నెట్ వచ్చి, అమ్మాక కూడా దిద్దుకోవచ్చని తేలాక ఆ భయం పోయింది, దానితో పాటు సిగ్గు కూడా పోయినట్టుంది.

నిరుడు డిస్కులు తయారీకి పంపే గడువు ముంచుకొచ్చింది. చివరి అధ్యాయం ఇంకా తప్పుల తడకగానే ఉంది. నిర్మాత చిటికెలో తేల్చేశాడు.

"దాన్ని తీసేసి, అదనంగా డబ్బు కట్టి కొనే సీజన్ పాస్‌లో మూడో భాగం చేద్దాం. పాస్ కొన్నవాళ్ళు తర్వాత డౌన్‌లోడ్ చేసుకుంటారు. మనకి ఆర్నెల్లు కలిసొస్తాయి."

ఆమె తలూపింది. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ అధ్యాయానికి దారితీసే తలుపు మాత్రం ఉంచుదామని, దాని కింద సన్నగా వెలుగు పెడితే జనం ఉండబట్టలేక పాస్ కొంటారని సలహా ఇచ్చింది కూడా తనే. అందరూ భేష్ అన్నారు. ఆ భేష్‌కి ఆమె పొంగిపోయింది.

పాస్‌లోని మొదటి రెండు భాగాలూ విడుదలయ్యాయి. పాస్‌లు మాత్రం అనుకున్నన్ని అమ్ముడుపోలేదు. పోయిన వారం మూడోదాన్ని పూర్తిగా ఆపేసి, పాస్ కొన్నవాళ్ళకు బదులుగా ఆటలోని కథానాయకుడికి నాలుగు జతల కొత్త బట్టలు ఇచ్చి చేతులు దులుపుకున్నారు.

ఆదివారం ఆమె బాబాయి ఇంటికి వెళ్ళింది. ఆయన నోట్‌బుక్ తెరిచి చూపించాడు. ప్రతి గదికీ పటం, తట్టి చూసిన ప్రతి గోడకీ ఒక టిక్కు. పదకొండు పేజీలు.

"వెలుగు కనిపిస్తోందంటే లోపల ఏదో ఉన్నట్టే కదే. నువ్వు ఊరికే పెట్టవు."

"బాబాయ్, తాళంచెవి లేదు," అంది. మిగతాదంతా దాచకుండా చెప్పేసింది.

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేది.

"పోనీ, లోపల ఏముందో అదైనా చెప్పు."

"ఒక పెద్దాయన ఉంటాడు. దీపం తిప్పే చక్రాలు బాగుచేస్తూ ఉంటాడు. నీలాగే ఒంటికన్ను భూతద్దం. నీలాగే పని మధ్యలో తనలో తను మాట్లాడుకుంటాడు. నిన్ను చూసే రాశాను బాబాయ్."

బాబాయి టీవీ తెర మీది ఆ తలుపు వైపు తిరిగాడు.

"అయితే నన్ను లోపల పెట్టి తాళమేశావన్నమాట," అని నవ్వాడు.

ఆమెకు నవ్వు రాలేదు.