నాలుగో సూచిక చూడండి

మార్టిన్ మాస్టారు మామిడిపై రాసిన వ్యాసంలో వాక్యాల మధ్య ఇరికించిన వివరణలన్నిటినీ డీటీపీ సెంటర్ లేయా వ్యాసం చివర సూచికలుగా చేర్చి, కంప్యూటర్ చేత వరుస నంబర్లు వేయించింది. మాస్టారికి ఊరుకుంటే తోచదు కదా!

"మా ఆవిడకి కృతజ్ఞతలంటూ మొదట్లో ఇంకోటి పెట్టమ్మా."

పెట్టగానే పైనా కిందా నంబర్లన్నీ ఒకటి చొప్పున జరిగాయి.

"'మా తోట రసాలే అన్నిటికన్నా తీపి, నాలుగో సూచిక చూడండి' అని మీరు మాటల్లో రాసింది మాత్రం జరగలేదండీ. మీ ఆధారం ఐదుకి పోయింది."

"మరి నాలుగులో ఏముంది?"

"ఆవకాయ సంగతికి పెట్టారే, 'మా ఆవిడ ఈ మాట ఒప్పుకోదు' అని. అదండీ."

పక్కనే కూర్చున్న మాస్టారి భార్య సుసన్నా గారు కళ్లజోడు సర్దుకున్నారు.

"దాన్ని కదపకు లేయా. ఇన్నాళ్లకి సరైన చోటికొచ్చింది."