మంచి పిల్ల అంటే చాలదట

మా ఆయన పోయాక నా కబుర్లు వినడానికి మిగిలింది బుజ్జి ఒక్కతే. ఆయన మంచాన పడ్డప్పుడు చూసుకోవడానికి వచ్చిన పిల్ల. పని లేకపోయినా ఆదివారం ఆదివారం వచ్చి కాసేపు కూర్చుని, కాఫీ తాగి వెళ్లేది. ఈసారి కూర్చోలేదు, గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"అమ్మమ్మా, వృద్ధుల హోంలో ఉద్యోగం ఉందట. ఇదివరకు పనిచేసిన ఇంటి నుంచి ఉత్తరం తెమ్మన్నారు. నా గురించి మంచిగా నాలుగు ముక్కలు రాయించి పెట్టండి. రేపొచ్చి తీసుకుంటా."

ఇంకేదో అడుగుదామనుకునేలోగా బస్సుకు పరుగెత్తింది.

సంతకం పెట్టడం తప్ప నాకు చదువు లేదు. వీధి చివర టైపు కొట్టుకు వెళ్లాను. అక్కడ కూర్చునే ఆవిడ చెయ్యి ఎంత చురుకో నోరూ అంతే చురుకు.

"వృద్ధుల హోం వాళ్లకి రాయమ్మా. బుజ్జి చాలా మంచి పిల్ల. నిజాయితీ గలది. ఒళ్లు వంచి పనిచేస్తుంది. అంతే."

"ఆ మాత్రం సబ్బు డబ్బా మీద కూడా రాస్తారు మామ్మగారూ! ఆ పిల్ల గుర్తింపు కార్డులో పేరేంటి?"

అసలు పేరు నేనెప్పుడూ అడగలేదు. వచ్చిన రోజే 'బుజ్జి అని పిలవండి' అంది. పిలిచాం.

"పోనీ హోం వాళ్లు ఏ పనికి పిలిచారు? వంటకా, మనుషుల్ని చూసుకోవడానికా? ఉత్తరం ఎవరి పేర రాయాలి? మీ దగ్గర ఎప్పుడు చేరింది?"

"మా ఆయన బాత్రూములో జారిపడి, ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడు. అప్పుడే పై వాటా వాళ్ల కుక్క పిల్లల్ని పెట్టింది, ఒకటే గోల..."

"ఉత్తరం కుక్కకి కాదు కదా! నెల, సంవత్సరం చెప్పండి."

అవి చెప్పగలిగాను. మిగతావి అడగమని బుజ్జికి ఫోను కలిపించాను. మంచం మీద ఉన్నవాళ్లను చూసుకునే పనట, రాత్రి డ్యూటీ కూడా ఉందట. ఉత్తరం హోం మేనేజరు పేర రాయాలి. అసలు పేరు చెబితే టైపు ఆవిడ ఒక్కొక్క అక్షరం అడిగి కొట్టుకుంది. పొడుగాటి పేరు. ఎవరో తెలియని పిల్ల పేరులా వినిపించింది నాకు.

"అమ్మమ్మా, వేళకు మందులిచ్చేదని కూడా రాయించండి. అది అడుగుతారు," అంది బుజ్జి ఫోను పెట్టేస్తూ.

టైపు ఆవిడ నా వైపు చూసింది. "ఇచ్చేదా?"

"మందులు నేనే ఇచ్చేదాన్ని. ఎవరినీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. ఒక్క ముక్కే కదమ్మా, పడేయ్. పిల్లకి ఉద్యోగం వస్తుంది."

"రేపు ఆ హోంలో తప్పు మందు పడితే? అక్కడ మంచం మీద ఉండేది కూడా ఎవరో ఒకరి ఆయనే కదా. మీ కళ్లతో చూసింది చెప్పండి, అదే రాస్తా."

అప్పుడు చెప్పాను. ఆయన్ని గంట గంటకూ పక్కకు తిప్పేది, వీపు మీద ఒక్క పుండు లేవలేదు. జావ తాగించేటప్పుడు ఆయన గుటక వేసేదాకా ఆగేది. ఆయన విసిగి తిడితే, "తిట్టండి తాతగారూ, కాకపోతే ఇటు తిరిగి తిట్టండి," అనేది. టైపు ఆవిడ నవ్వింది, చేతులు మాత్రం ఆపలేదు.

"ఎందుకు మానేసింది?"

"ఆయన పోయారు."

ఆవిడ మెల్లగా కొట్టింది. "ఆయన మరణించడం వల్ల పని ముగిసింది, ఆమె లోపం వల్ల కాదు, అని రాశా. అలా రాయకపోతే తీసేశారనుకుంటారు."

మొత్తం చదివి వినిపించాక సంతకం పెట్టి, కింద నా ఫోను నంబరు వేయించాను. మర్నాడు బుజ్జి వచ్చి, మందుల మాట కోసం కాగితం రెండుసార్లు చూసి, మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

రెండు రోజులకు హోం నుంచి ఎవరో అమ్మాయి ఫోను చేసింది.

"మందులు ఇచ్చేదా అండీ?"

"లేదమ్మా, నేనే ఇచ్చాను. తను పక్కన నీళ్లు పట్టుకుని నిలబడేది."

"రాత్రిళ్లు లేచేదా?"

"మేం పిలవకముందే."

"మీకు మళ్లీ అవసరమైతే ఆవిడనే పెట్టుకుంటారా?"

"ఇవాళే పెట్టుకుంటాను," అన్నాను. అంతకంటే నిజమైన మాట నా జన్మలో అనలేదు. ఆ అమ్మాయి థాంక్స్ చెప్పి పెట్టేసింది. చెప్పాల్సింది నా దగ్గర ఇంకా ఎంతో ఉండిపోయింది.

సాయంత్రం బుజ్జి ఫోను. "అమ్మమ్మా, ఉద్యోగం వచ్చేసింది! మందుల పని వాళ్లే నేర్పుతారట. మీ మాట నమ్మారు. కాకపోతే ఆదివారాలు డ్యూటీ..."

"వెళ్లు తల్లీ," అని, నేర్చుకున్న ఆ పొడుగాటి పేరుతో పిలిచాను.

"ఎవరినో పిలుస్తున్నారేంటి అమ్మమ్మా?" అని నవ్వింది.

ఆదివారం పొద్దున్న అలవాటుగా రెండు కప్పులు కడిగాను. ఒకటి తుడిచి మళ్లీ అలమారాలో పెట్టేశాను.