బేరమాడని కుర్చీలు

తన గిరాకీల్లో ఒక్కరంటే ఒక్కరు కూడా బేరం ఆడటం లేదేమిటని చిట్టికి అనుమానం మొదలైంది. టమాటాల దగ్గర కూడా గీచి గీచి బేరమాడే ఈ జనంలో, కుర్చీ అల్లినందుకు అడిగినంతా ఇచ్చేవాళ్ళు ఎక్కడినుంచి ఊడిపడ్డారు? పైగా వాళ్ళెవరూ స్వయంగా రారు. కుర్చీలు మోసుకొచ్చేది అన్నయ్యే, తిరిగి మోసుకుపోయేదీ అన్నయ్యే. ఫోన్ చేసి తన కొట్టుకే పిలిపించి అల్లించుకున్న కాఫీ కొట్టాయన కూడా అడిగినంతా ఇచ్చాడు, ఇప్పుడు మళ్ళీ రమ్మంటున్నాడు.

పేరుకు చిట్టి గానీ ముప్ఫై దాటింది. చిన్నప్పుడే చూపు పోయింది. ఆస్పత్రిలో టెలిఫోన్ బల్ల దగ్గర ఉద్యోగం. ఏ విభాగం నంబరైనా అడగడం ఆలస్యం, నోటికొచ్చేస్తుంది. అయినా ఆ ఉద్యోగమంటే ఆమెకు విసుగు. సొంతంగా ఏదైనా పెట్టుకుంటానంటే ఊరంతా సలహాలే. కళ్ళు లేకపోతే గొంతు ఉంటుందని జనానికి ఎవరు చెప్పారో, ముందుగా అందరూ సంగీతం క్లాసులు పెట్టమన్నారు. చిట్టి పాట అందుకుంటే వదిన వెళ్ళి కిటికీలు మూసేది. తర్వాత పియానోలు శ్రుతి చేయమన్నారు, కొవ్వొత్తులు పోయమన్నారు. చివరికి శిక్షణ కేంద్రంలో ఒక మాస్టారు చిరిగిన పేము కుర్చీ ఒకటి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆ రోజు వేళ్ళు వాటంతటవే పని అందుకున్నాయి.

ఇప్పుడు ఆ పనిని నమ్ముకునే సోమవారం ఉద్యోగానికి రాజీనామా ఇవ్వబోతోంది. మెయిన్ రోడ్డు మీద ఒక గది అద్దెకు మాట్లాడింది. గిరాకీ నిజమైతే బతుకు తనది. అబద్ధమైతే ఉద్యోగమూ పోయి, అన్నయ్య ఇంట్లో ఒక మూల కూర్చుని తినడమే. అందుకే ఆ అనుమానం చెవిలో జోరీగలా వదలకుండా రొద పెట్టింది.

అది మరింత ముదిరింది ఒక బోడి కుర్చీ వల్ల. సాధారణంగా కుర్చీ చిరిగిన అల్లికతోనే వస్తుంది. ఇది వట్టి చట్రంతో వచ్చింది. "పాత పేము వాళ్ళే పీకి పారేశారట," అన్నాడు అన్నయ్య. చిట్టి పేముబద్దలు నీళ్ళలో నానేసి, చట్రం చుట్టూ ఉన్న రంధ్రాలను వేలితో తడిమింది. వెనక ఎడమ మూలన రెండు రంధ్రాలు మరీ దగ్గరగా ఉన్నాయి. అందులో ఒకటి వంకర. పోయిన నెల ఇంకెవరిదో కుర్చీకి సరిగ్గా ఇదే మూల ఇదే వంకర. ఐమూల బద్దలు లాగేటప్పుడు ఆ రంధ్రం ఆమెను నానా తిప్పలు పెట్టింది. అలాంటిదాన్ని వేళ్ళు మర్చిపోతాయా?

"ఈ కుర్చీ ఎవరిది అన్నయ్యా?"

"మా ఆఫీసు క్యాషియర్‌ది."

"మరి పోయిన నెల వచ్చింది?"

"అది... మేనేజర్‌ది. ఏం?"

"ఏం లేదు. ఒక్క తల్లి పిల్లల్లా ఉంటేనూ."

అన్నయ్య నవ్వాడు. ఆ నవ్వు గొంతులోంచే వచ్చింది, గుండెలోంచి కాదు. చిట్టి మాటలకన్నా నవ్వుల్నే ఎక్కువ నమ్ముతుంది.

ఇక ఎవరిని చూసినా అనుమానమే. తనను ఇంట్లోంచి పంపించాలని వదిన ఆడిస్తున్న నాటకమేమో అనుకుంది. వదిన కాఫీ ఇస్తే ఇవాళ ఎందుకు ఇంత ప్రేమ అనుకుంది, ఇవ్వకపోతే చూశావా అనుకుంది. కుర్చీ తిరిగిచ్చేటప్పుడు నేనూ వస్తానంటే, అన్నయ్యకు ఆ పూటే ఎక్కడలేని పనులు పుట్టుకొచ్చాయి.

శనివారం పొద్దున అన్నయ్య మరో కుర్చీ తెచ్చి వరండాలో దించాడు. ఈసారి అల్లిక ఉంది, నడిమధ్యన చిరిగింది. "వాళ్ళ పిల్లాడు ఎక్కి గెంతాడట," అన్నాడు.

చిట్టి వేలు పెట్టి చూసింది. గెంతితే బద్దలు ఎక్కడికక్కడ విరిగి, పీచులు లేచి ఉంటాయి. ఇవి ఒకే గీతలో, కత్తితో కోసినట్టు నున్నగా తెగాయి. కుర్చీ తిరగేసింది. అడుగున ప్రతి ముడీ రెండు చుట్లు తిరిగి కుడివైపుకే వాలి ఉంది. అది మాస్టారు నేర్పిన ముడి కాదు, ఆమె సొంతంగా అలవాటు చేసుకున్నది. పేము ఇంకా కొత్తదే.



"వంటింటి కత్తితో కోశావా, బ్లేడుతోనా?" అంది మెల్లగా.

లోపలినుంచి వదిన వచ్చింది. "నే చెప్తూనే ఉన్నా, అది కనిపెట్టేస్తుందని. పాత సామాన్ల కొట్లో మూడు కుర్చీలు కొన్నాడు చిట్టీ. అవే తిప్పి తిప్పి తెస్తున్నాడు."

"మొదట్లో ఒక్కరూ రాలేదే!" అన్నాడు అన్నయ్య. "చేతులు ఒళ్ళో పెట్టుకుని గేటు చప్పుడుకోసం చెవి ఒగ్గి కూర్చునేదానివి. నావల్ల కాలేదు."

"నీవల్ల కాకపోతే కళ్ళు మూసుకోవాల్సింది! నా పనిని కోసి మళ్ళీ నా చేతికే ఇస్తావా? నేను గుడ్డిదాన్ని అన్నయ్యా, పిచ్చిదాన్ని కాదు." చిట్టికి కోపంతో పాటు ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకోలేదు. "సోమవారం రాజీనామా ఇచ్చేస్తుంటే కూడా నోరు విప్పలేదే?"

"రేపు చెబుదామనే..."

"ఇంతకీ నిజం గిరాకీ ఎవరు? ఆ కాఫీ కొట్టాయనకు కూడా నువ్వే డబ్బిచ్చావా?"

"ఆయనెవరో నాకు తెలీదు. నీ ఫోన్ నంబరు ఎక్కడ పట్టాడో కూడా తెలీదు."

చిట్టి ఆ మాట నమ్మలేదు. ఆ పూట ఆమె నమ్మే స్థితిలో లేదు. వదిన చెయ్యి పట్టుకుని నేరుగా కాఫీ కొట్టుకు బయలుదేరింది.

"వచ్చావా తల్లీ!" కొట్టు యజమాని గొంతు గుమ్మంలోనే ఎదురొచ్చింది. "మొన్న వస్తానని ఇవాళా రావడం? కిటికీ దగ్గరి కుర్చీ చూడు, మనిషి కూర్చుంటే ఊయలే. నువ్వు అల్లిందే!"

చిట్టి మోకాళ్ళ మీద కూర్చుని కుర్చీ తడిమింది. అడుగున తన ముడులే, చెక్కుచెదరలేదు. ముందు అంచున, తొడలు ఆనే చోట, బద్దలు ఒకటి తర్వాత ఒకటి విరిగాయి. ఎవరో రోజూ కుర్చీ అంచు మీదే కూర్చుంటున్నారు. అల్లిక మీద పంచదార జిగురు, పక్కన ఎండిన చూయింగ్ గమ్.

"బాబాయ్ గారూ, మా అన్నయ్య మీకేమైనా డబ్బిచ్చాడా?"

"ఎవరమ్మా మీ అన్నయ్య? ఇచ్చేవాడుంటే పిలు, చాలా బాకీలున్నాయి!"

"దీన్ని కాపాడాలంటే ముందు అంచు ఒక్కటే మారిస్తే కుదరదు. మొత్తం విప్పి అల్లాలి."

"పోయినసారి ఇచ్చిందాంట్లో సగమిస్తా."

"సగమా? పేము కూడా రాదు."

"ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలమ్ముతున్నారు, చూశావా?"

"నేనెలా చూస్తాను బాబాయ్ గారూ?"

"సరే, చూడకపోతే వినలేదా? రోజంతా అరుస్తాడు," అని ఆయన మళ్ళీ బేరానికి దిగాడు. చిట్టికి ఆ మనిషిని కావలించుకోవాలనిపించింది. అలా అని ధర తగ్గించలేదు. చాలాసేపు కొట్టుకున్నాక ఇద్దరికీ నచ్చని ఒక ధర దగ్గర ఆగారు.

"ఇది బాగుంటే మిగతావి చూద్దాం. బాగోకపోతే పైసా ఇవ్వను," అన్నాడాయన.

దారిలో వదిన అడిగింది, "మరి సోమవారం?"

"రాజీనామా లేదు. పొద్దున ఫోన్లు, సాయంత్రం కుర్చీలు. ఇలాంటి తగాదాకోర్లు ఇంకో పదిమంది దొరికాక గది సంగతి." కాసేపు నడిచాక అంది, "నిన్ను చాలా అనుమానించాను వదినా."

"తెలుసు. కాఫీ వాసన చూసి మరీ తాగేదానివి."

ఇంటికి రాగానే చిట్టి అన్నయ్య చేత ఆ మూడు కుర్చీలూ తెప్పించి, కోసినదాన్ని మళ్ళీ అల్లింది. అయ్యాక మూడింటినీ అన్నం బల్ల చుట్టూ వేయించింది. అన్నయ్య ఒకదాని అంచున తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

"వెనక్కి జరిగి సరిగ్గా కూర్చో," అంది చిట్టి. "ఇక కత్తి ముట్టుకోకు. అవే చిరిగేదాకా కూర్చో. చిరిగాక తీసుకురా."

"అలాగేనే. ఎంతడిగితే అంతిస్తా."

"అదిగో, మళ్ళీ! బేరం ఆడకపోతే నీ కుర్చీ ముట్టుకోను."