షోకేసులో నిర్మల టీచర్

పవిత్ర దగ్గర అమ్మడానికి సరుకంటూ ఏమీ లేదు. ఏ రంగు పక్కన ఏ రంగు నప్పుతుందో, ఫోటోలో ముఖం ఎంత మేర ఉంచితే కళ్ళు పలుకుతాయో తెలిసిన చూపు మాత్రం ఉంది. గోరంట్ల దగ్గర పల్లెలో బడి ముగించి, హిందూపురం వచ్చి డీటీపీ నేర్చుకున్న పిల్ల. రవికుమార్ స్టూడియోలో పగలంతా పెళ్ళికార్డులు టైపు చేస్తే, సాయంత్రం ఒక గంట కంప్యూటరు ఆమెది.

రెండువేల ఏడులో రవికుమార్ బెంగళూరు నుంచి కప్పుల మీద ఫోటోలు వేసే మిషను తెచ్చాడు. ఎవరైనా ఆర్డరిచ్చి అడ్వాన్సు కడితే ఆ డబ్బుతోనే తెల్లకప్పు ఒకటి కొనేది పవిత్ర. ఫోటో స్కాన్ చేసి, చుట్టూ పూలో తీగలో కూర్చి, ప్రత్యేకమైన సిరాతో కాగితం మీద తిరగేసి ప్రింటు తీసేది. ఆ కాగితాన్ని కప్పుకు చుట్టి, టేపు అతికించి, వేడి మిషనులో మూడు నిమిషాలు బిగించాలి. కాగితం మీద వెలిసిపోయినట్టుండే రంగులు కప్పుకు ఎక్కేసరికి నిగనిగలాడేవి.

చిక్కల్లా శాంపిలుతోనే. చేత్తో పట్టుకుని చూడనిదే ఎవరూ ఆర్డరివ్వరు. ఉత్తినే చూపించడానికి ఒక కప్పు చేసుకోవాలంటే ఆమె చేతిలో డబ్బుండదు. అందుకని ఒకరి కప్పు తయారయ్యాక, దాన్ని ఇచ్చే రోజు వచ్చేదాకా సంచిలో వేసుకుని తిరిగి ఇంకొకరికి చూపించేది. తర్వాత శుభ్రంగా తుడిచి, అట్టపెట్టెలో పెట్టి సొంతదారుకు ఇచ్చేసేది. అలా ముప్పై కప్పులు చేసింది. ఇందులో ఎవరికి ఏం నష్టం అనుకుంది.

ముప్పై ఒకటో కప్పు నిర్మల టీచర్‌ది. ఆరో తరగతిలో పవిత్ర గీసిన నెమలిని స్టాఫ్ రూము గోడకు అంటించింది ఆమే. ఇప్పుడు పెనుకొండలో ఉంటోంది. పెళ్ళై ఇరవై ఐదేళ్ళు నిండుతున్నాయని, భర్తకు కానుకగా ఇవ్వాలని ఒక పాత ఫోటో తెచ్చింది. అందులో టీచర్ ఎర్రంచు చీరలో, జుట్టు విరబోసుకుని, తల వెనక్కి వాల్చి పకపకా నవ్వుతోంది. బడిలో ఆమెను అలా ఎవరూ చూసి ఉండరు.

"ఇది ఆయన తీసిందే. పెళ్ళైన కొత్తలో," అంది టీచర్ గొంతు తగ్గించి. "మా ఇద్దరికి తప్ప ఎవురికీ తెలీదు. నువ్వైతే నమ్మకమని ఇస్తాండా. ఎవురికీ చూపీకు పాపా."

పవిత్ర తలూపింది. ఆ కప్పును ఎంతో ఇష్టంగా చేసింది. చుట్టూ పూలేమీ పెట్టలేదు. చీర అంచు ఎరుపునే సన్నటి గీతగా కిందా పైనా లాగి వదిలేసింది. అంత బాగా కుదిరిన కప్పు అంతకు ముందు లేదు.

ఇవ్వడానికి ఇంకా ఆరు రోజులుండగా ధర్మవరంలో ఫ్యాన్సీ స్టోరు పాండురంగయ్య కబురు పంపాడు. షోకేసులో ఒక కప్పు పెడితే ఆర్డర్లు తానే రాసిపెడతానన్నాడు. ఊరూరా తిరిగి, నోరు పెగల్చుకుని అడుక్కునే పని తప్పుతుంది. ఆ సమయానికి సంచిలో ఉన్నది టీచర్ కప్పు ఒక్కటే. పెనుకొండ మనిషిని ధర్మవరంలో ఎవరు గుర్తుపడతారని తనకు తానే చెప్పుకుంది. నాలుగు రోజులే, మళ్ళీ వచ్చి తీసుకుపోతానని ఆయన చేతిలో పెట్టింది.

శుక్రవారం వెళ్ళేసరికి షోకేసులో కప్పున్న చోట గాజు ఏనుగు ఉంది.

"అమ్మేసినా పాపా," అన్నాడు పాండురంగయ్య సంతోషంగా. ఇదిగో నీ దుడ్లు అంటూ నోట్లు కౌంటరు మీద పెట్టాడు.

"అది వేరేవాళ్ళది సార్. చూపించేకి మాత్రమే అని చెప్పినా కదా."

"నీకేమి, మళ్ళా ఇంకోటి గుద్దుతావు. అంగట్లో పెట్టినాక రేటు అంటించాల కదా, అంటించినా. ఆర్టీసీ కండక్టరప్ప ఎవురో నిన్న వచ్చినాడు. అద్దం ముందర చానా సేపు నిలబడినాడు. బేరం గూడా ఆడల్య. తీసుకొని బ్యాగులో పెట్టుకున్నాడు, పోయినాడు."

 ఎవరో తెలియని మగవాడు టీచర్ నవ్వును కొనుక్కుపోయాడు. నోట్లు ముట్టుకోవాలంటేనే చేయి రాలేదు. అయినా తీసుకోక తప్పలేదు, కొత్త కప్పు కొనాలి కదా. ఫైలు కంప్యూటరులోనే ఉంది. ఆ సాయంత్రమే మళ్ళీ ప్రింటు తీసింది, మళ్ళీ బిగించింది. అచ్చు మొదటి దానిలాగే వచ్చింది. ఎక్కడా తేడా లేకపోవడమే ఆమెకు భయం కలిగించింది.

శనివారం పెనుకొండలో టీచర్ ఇంటికి వెళ్ళింది. టీచర్ ఆత్రంగా పెట్టె విప్పి, కప్పు చూసి, చిన్నపిల్లలా నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన భర్త దేవదాసు చేతికి అందించింది. ఆయన ఒంటి మీద ఖాకీ చొక్కా ఉంది. భుజాన తోలుబ్యాగు ఇంకా తీయలేదు.

పవిత్ర ఆ బ్యాగు వైపు చూసి, చూపు నేలకు దించేసింది.

దేవదాసు కప్పును అటూ ఇటూ తిప్పాడు, మొదటిసారి చూస్తున్నట్టుగానే. "బాగుండాది," అన్నాడు. టీచర్ పాయసం తేవడానికి లోపలికి వెళ్ళింది. అప్పుడు ఆయన మెల్లగా అన్నాడు, "ఒగటి నా బ్యాగులో ఉండాది. మా వాళ్ళు ఇంకెవురైనా చూస్తారేమోనని కొనేసినా. ఆమెకు చెప్పొద్దమ్మా, తట్టుకోల్యాదు."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకపోగా పాయసం గిన్నె తానే ఆమె చేతికిచ్చాడు. పవిత్ర రెండు చెంచాలు మింగి, బస్సుకు వేళైందని లేచింది. వీధి మలుపు దాకా నడిచింది. మిగతా డబ్బు ఇవ్వబోతూ టీచర్ "నా బిడ్డలాంటిదానివి" అన్న మాట వెంటే వచ్చింది.  వెనక్కి వెళ్ళి, గడప బయటే నిలబడి, ఉన్నదంతా చెప్పేసింది. చెబుతున్నంతసేపూ తన చెప్పుల వైపే చూసింది.

టీచర్ భర్త వైపు తిరిగింది. దేవదాసు బ్యాగులోని కప్పు తీసి బల్ల మీద పెట్టాడు. రెండు కప్పుల మీదా ఒకే నవ్వు.

"రేటు కాగితం యాడ అంటించినారు?" అని అడిగింది టీచర్.

"చెంప మీద," అన్నాడు దేవదాసు.

పవిత్ర ఏడ్చింది. టీచర్ దగ్గరికి రాలేదు, ఊరుకోమనీ అనలేదు. మళ్ళీ ఆమే అడిగింది.

"రెండోది ఎట్ల చేసినావు? ఫోటో నాకు ఇచ్చేసినావు కదా."

"కంప్యూటర్లో ఉండాది టీచర్."

"ఇంకా ఉండాదా?"

"ఉండాది."

"రేపు వస్తా. నా కండ్ల ముందర తీసెయ్."

ఆదివారం స్టూడియోలో జనం లేరు. సంగతి విన్న రవికుమార్ తలదించుకుని తాళం తీసిచ్చాడు. టీచర్ పవిత్ర కుర్చీ వెనక నిలబడింది. బడిలో నోటుపుస్తకం దిద్దేటప్పుడు నిలబడినట్టే ఉంది, చేయి మాత్రం భుజం మీద వేయలేదు. పవిత్ర ఫైలు తీసేసింది. రీసైకిల్ బిన్ ఖాళీ చేసింది. సొరుగులో ఉన్న వాడేసిన ప్రింటు కాగితాలు రెంటినీ, ముఖం తిరగబడి లీలగా మిగిలిన వాటిని, ముక్కలు చేసి టీచర్ చేతికే ఇచ్చింది.

టీచర్ ముక్కల్ని కొంగున ముడి వేసుకుంది కానీ కదలలేదు. తెర మీద ఇంకా పేర్లున్నాయి. హనుమంతమ్మ, సుంకప్ప, అమృతవల్లి, పుల్లన్న మనవరాలు. వరుసగా ముప్పై ఫైళ్ళు.

"వీళ్ళ కప్పులు ఇచ్చేసినావా?"

"ఇచ్చేసినా."

"వీళ్ళవి గూడా చూపిచ్చినావా?"

"అందరివీ," అంది పవిత్ర.

ఇవి తీసేస్తే, వాళ్ళెవరైనా మళ్ళీ ఆర్డరిచ్చినప్పుడు ఫోటో అడిగి తెచ్చుకుని, స్కాన్ చేసి, మొదటి నుంచీ కూర్చాలి. ఏడాది కష్టమంతా ఆ తెర మీదే ఉంది. టీచర్ పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. తీసెయ్యమని అనలేదు. వద్దనీ అనలేదు.

పవిత్ర హనుమంతమ్మ పేరు మీద నొక్కి, ఆ ఫైలునూ తీసేసింది.