కోణం మొదలయ్యే చోటు

చిన్నపోలయ్యకు లెక్కలు చెప్పడానికి ఎందుకు ఒప్పుకున్నానా అని నన్ను నేను తిట్టుకోని ఆదివారం లేదు. ఇరవై నాలుగేళ్ల మనిషి. పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే ఇంటివాడు. నాలుగేళ్లుగా సూళ్లూరుపేట దగ్గర కాలువ సర్వే పార్టీలో పని చేస్తున్నాడు. ఆ సర్వే దసరాకి అయిపోతుంది. ఈ సెప్టెంబరులో పీయూసీ లెక్కలు పాసైతే ఆఫీసులో ఉద్యోగం ఇస్తామన్నారు. తప్పితే మళ్లీ వలే గతి. మార్చిలో ఒకసారి తప్పాడు. అందుకే ప్రతి ఆదివారం రైలెక్కి నెల్లూరు వచ్చి మా వరండాలో కూర్చునేవాడు.

గ్రాఫు కాగితం మీద నేనే వృత్తం గీసి ఇచ్చాను. వ్యాసార్ధం ఒక యూనిట్, అంటే పది గళ్లు. వ్యాసార్ధమంత దారాన్ని అంచు వెంబడి పరిస్తే వచ్చే కోణం ఒక రేడియన్, సగం చుట్టు పై (π) రేడియన్లు అని చెబితే వెంటనే పట్టేశాడు. ఆ రోజు మనసులో సంతోషించాను కూడా. కోణం చివర అంచు మీద ఉండే బిందువుకు కేంద్రం నుంచి అడ్డంగా ఎంత దూరమో అది కొసైను, నిలువుగా ఎంతో అది సైను. ఇంతకంటే తేలిగ్గా ఎవరు చెబుతారు?

"పై బై ఆరుకు సైనెంత?"

"సున్నా పాయింట్ ఎనభై ఏడు సార్."

"కొసైను?"

"సున్నా పాయింట్ అయిదు."

సరిగ్గా తారుమారు. అడ్డం కొసైను, నిలువు సైను అని వందసార్లు రాయించాను. రాసుకొచ్చాడు, ముత్యాల్లాంటి అక్షరాలు. మళ్లీ అవే తారుమారు జవాబులు. పై బై నాలుగుకు మాత్రం రెండూ ఒప్పు చెప్పేవాడు. అక్కడ సైనూ కొసైనూ ఒకటే కాబట్టి, అదీ వాడి గొప్ప కాదనుకున్నాను.

"నీ బుర్రలో ఏముంది, ఉప్పునీళ్లా?" అని అరిచేవాణ్ణి. తలొంచుకుని పెన్సిలు చెక్కుకునేవాడు. మా ఆవిడ వెంకటశేషమ్మ లోపలినుంచి, "అట్లా అరిస్తే వచ్చేది కూడా పోతుంది" అనేది. నాకు ఇంకా మండేది.

పరీక్షకు ముందు ఆదివారం ఓపిక పూర్తిగా చచ్చింది. జవాబు అడగడం మానేసి, "పై బై ఆరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించు" అన్నాను.

వేలు తీసుకెళ్లి వృత్తం నెత్తిన పెట్టాడు. అక్కడినుంచి కుడివైపుకి జరిపాడు.

"పైనించి ఎందుకు మొదలుపెట్టావు?"

"ఉత్తరం గదా సార్. సర్వేలో దిక్సూచి పెట్టి ఏ కోణమైనా ఉత్తరం నించే కొలుస్తాం. నాలుగేళ్లుగా అదే పని చేసినాను."

నెలన్నరగా ఊరికే తిట్టాను. మనిషికి లెక్క వచ్చు. కొలత వచ్చు. మొదలు ఒక్కటే వేరు. అది అడగాలని నాకు తోచలేదు.

"ఇక్కడ తూర్పు నుంచి మొదలుపెట్టాలయ్యా. కుడివైపు, ఇదిగో, ఈ గీత మీద సున్నా. పై బై మూడుకు కొసైనెంత?"

"సున్నా పాయింట్ అయిదు."

"రెండు పై బై మూడుకు?"

"మైనస్ సున్నా పాయింట్ అయిదు."

"పై రేడియన్లకు?"

"మైనస్ ఒకటి."

మూడూ ఒప్పే. ఆనందంతో వాడి వీపు తట్టాను. రైలు టైమయింది. వాడు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, ఏదో అనబోయి, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

పరీక్ష రోజు సాయంత్రం నేరుగా మా ఇంటికే వచ్చాడు. ప్రశ్నపత్రం మీద జవాబులు పెన్సిలుతో రాసుకొచ్చాడు. వృత్తం గీసి విలువలు చదవమన్న ప్రశ్నే పెద్దది, దానిమీద ఆధారపడినవి ఇంకో రెండున్నాయి. ఆత్రంగా చూశాను. రెండు పై బై మూడు: కొసైను మైనస్ సున్నా పాయింట్ అయిదు, ఒప్పు. సైను మైనస్ సున్నా పాయింట్ ఎనభై ఏడు, ప్లస్ ఉండాలి. అయిదు పై బై నాలుగు: కొసైను మైనస్ సున్నా పాయింట్ డెబ్బై ఒకటి, ఒప్పు. సైను, మైనస్ ఉండాల్సిన చోట ప్లస్. వరసన కొసైన్లన్నీ ఒప్పు, సైన్లన్నీ గుర్తు మారి తప్పు.

తూర్పు నుంచే మొదలుపెట్టాడు. తిరగడం మాత్రం, లెక్కల్లోలాగా పైకి కాకుండా, దిక్సూచిలాగా, గడియారం ముల్లు వెళ్లే వైపే కిందికి తిరిగాడు. ఏ వైపు తిరిగినా కొసైను మారదు. నేను ఆ రోజు అడిగినవన్నీ కొసైన్లే. ఒక్క సైను అడిగి ఉంటే అక్కడే పట్టుకునేవాణ్ణి.

"ఎటు తిరగాలో తెలీదని చెప్పొద్దా?" అన్నాను. గొంతు అప్పటికే లేచింది.

"అడుగుదామనే ఆగినా సార్, గుమ్మం కాడ," అన్నాడు. "ఆ పొద్దు మొదటిసారి నామీద సంతోషపడినారు. చెడగొట్టేదెందుకని పోయినా."